ముందు అయిపోయేది ఏది?

50 కిలోల నైట్రోజన్‌ని 10 కిలోల హైడ్రోజన్‌తో కలిపారు. ఎంత అమ్మోనియా తయారవుతుంది? రెండిట్లో ఏది ముందు అయిపోతుంది? ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి కెమిస్ట్రీ పుస్తకం మొదటి అధ్యాయంలో ఉన్న లెక్క ఇది. చూడ్డానికి రెండు వాక్యాలే. కానీ ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు స్టాయికియోమెట్రీ అనగానే తడబడే చోట్లన్నీ ఇందులోనే ఉన్నాయి. నీట్, జేఈఈ, ఈఏపీసెట్ కోచింగ్‌లలో అంకెలు మార్చి, వాయువుల పేర్లు మార్చి మళ్లీ మళ్లీ ఇచ్చేది ఈ రకం లెక్కే.

ప్రశ్నలో అడిగిన ఆ 'ముందు అయిపోయే' పదార్థానికే లిమిటింగ్ రీఏజెంట్ అని పేరు. అది అయిపోయిన క్షణం చర్య ఆగిపోతుంది. రెండోది ఎంత మిగిలి ఉన్నా దానితో పని లేదు. కాబట్టి ఎంత అమ్మోనియా వస్తుందో తేల్చేది అదొక్కటే. దాన్ని సరిగ్గా పట్టుకుంటే మిగతాదంతా కూడికలు, గుణకారాలు. తప్పు పదార్థాన్ని పట్టుకుంటే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా గుణించినా జవాబు తప్పే.

మూడు దారులు, రెండు జవాబులు

ఈ లెక్క ఎదురైతే విద్యార్థులు మూడు దారుల్లో ఆలోచిస్తారు.

మొదటి దారి కిలోలు చూసే దారి. నైట్రోజన్ 50, హైడ్రోజన్ 10. పది చిన్నది కాబట్టి హైడ్రోజనే ముందు అయిపోతుందని రాసేస్తారు. జవాబు ఒప్పే. కారణం మాత్రం తప్పు. ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. ఇదే లెక్కలో హైడ్రోజన్‌ని 12 కిలోలు చేస్తే కిలోల్లో అది ఇంకా చిన్నదే, కానీ ముందు అయిపోయేది నైట్రోజన్ అవుతుంది. కిలోలు చూసిన విద్యార్థి అప్పుడు దొరికిపోతాడు.

రెండో దారి మోల్స్ దాకా వచ్చి ఆగిపోయే దారి. రసాయన చర్యలో అణువులు లెక్కన కలుస్తాయి, బరువు లెక్కన కాదు. అందుకే బరువును అణుభారంతో భాగించి మోల్స్‌లోకి మార్చాలని క్లాసులో చెబుతారు. నైట్రోజన్ అణుభారం 28. 50 కిలోలంటే 50,000 గ్రాములు, భాగిస్తే సుమారు 1,786 మోల్స్. హైడ్రోజన్ అణుభారం 2.016. 10,000 గ్రాములను దానితో భాగిస్తే సుమారు 4,960 మోల్స్. ఇప్పుడు బొమ్మ తిరగబడింది. కిలోల్లో ఎక్కువగా కనిపించిన నైట్రోజన్ మోల్స్‌లో తక్కువగా ఉంది. సగం పాఠం నేర్చుకున్న విద్యార్థి ఇక్కడ ఆగి, 1,786 చిన్నది కాబట్టి నైట్రోజనే లిమిటింగ్ రీఏజెంట్ అని ధైర్యంగా రాస్తాడు. ఇతను మొదటివాడి కన్నా ఎక్కువ చదివాడు, ఎక్కువ పని చేశాడు. అయినా తప్పు జవాబు వచ్చింది ఇతనికే.

మూడో దారిలో ఇంకొక్క అడుగుంది. సమీకరణాన్ని చూడాలి.

N2 + 3H2 → 2NH3

ఒక మోల్ నైట్రోజన్‌కి మూడు మోల్స్ హైడ్రోజన్ కావాలి. ప్లేటుకు మూడు ఇడ్లీలు, ఒక గిన్నె చట్నీ పెట్టే హోటల్లో 45 ఇడ్లీలు, 20 గిన్నెల చట్నీ ఉన్నాయనుకోండి. గిన్నెలు తక్కువే ఉన్నా ముందు అయిపోయేవి ఇడ్లీలు, పదిహేను ప్లేట్లకే. కాబట్టి ఎన్ని ఉన్నాయని కాదు, ఎన్ని జతలకు సరిపోతాయని చూడాలి. ప్రతి పదార్థం మోల్స్‌నీ సమీకరణంలో దాని ముందున్న అంకెతో భాగిస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. నైట్రోజన్‌కి 1,786ని ఒకటితో భాగిస్తే 1,786. హైడ్రోజన్‌కి 4,960ని మూడుతో భాగిస్తే 1,653. ఇప్పుడు పోల్చాలి. 1,653 చిన్నది, కాబట్టి హైడ్రోజన్ ముందు అయిపోతుంది.

ఇలా కిలోలు చూసినవాడూ, చివరి దాకా వెళ్లినవాడూ ఒకే పేరు రాస్తారు. మధ్యలో ఆగినవాడు మాత్రం ఇంకో పేరు రాస్తాడు. మోల్స్‌లోకి మార్చడం దగ్గరే పాఠం అయిపోదని చూపించడానికి ఈ అంకెల కన్నా మంచివి దొరకడం కష్టం.

తప్పు తనంతట తానే బయటపడే చోటు

లిమిటింగ్ రీఏజెంట్ తెలిశాక అమ్మోనియా ఎంతో చెప్పడం తేలిక. మూడు మోల్స్ హైడ్రోజన్‌కి రెండు మోల్స్ అమ్మోనియా. 1,653 జతలకు రెండేసి చొప్పున 3,307 మోల్స్. అమ్మోనియా అణుభారం 17.03తో గుణిస్తే 56.3 కిలోలు. మధ్యలో అంకెలను ఎక్కడ కుదించారన్న దాన్ని బట్టి పుస్తకంలోని జవాబుకూ దీనికీ దశాంశాల్లో చిన్న తేడా ఉండొచ్చు.

మరి నైట్రోజన్‌ని పట్టుకున్న విద్యార్థికి ఎంత వస్తుంది? 1,786కి రెట్టింపు 3,571 మోల్స్, అంటే 60.8 కిలోలు. ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పాత్రలో వేసినది 50, 10 కలిపి మొత్తం 60 కిలోలే. అరవై కిలోలు వేస్తే అరవై కిలోల ఎనిమిది వందల గ్రాములు ఎలా బయటికొస్తుంది? ద్రవ్యనిత్యత్వ నియమం ప్రకారం అది జరగదు. ప్రశ్నలోని రెండు బరువులనూ కూడి, జవాబుతో పోల్చి చూసుకున్న విద్యార్థి తన తప్పు తనే పట్టుకుంటాడు. నీట్‌లో సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు ఆప్షన్లను ఇలాంటి తప్పుల నుంచే ఎంచుకుంటారు కాబట్టి, వచ్చిన అంకె ఆప్షన్లలో ఉంది కదా అని ధీమాపడడానికి లేదు.

సరైన జవాబును కూడా ఇలాగే పరీక్షించొచ్చు. ఖర్చైన నైట్రోజన్ 1,653 మోల్స్, అంటే 46.3 కిలోలు. మిగిలినది 3.7 కిలోలు. వచ్చిన అమ్మోనియా 56.3, మిగిలిన నైట్రోజన్ 3.7, కలిపితే సరిగ్గా 60. వేసినదంతా లెక్కకు వచ్చింది. 'మిగిలిన పదార్థం ఎంత?' అని అడిగే ప్రశ్నలకు జవాబు కూడా ఈ పరీక్షలోనే దొరుకుతుంది. ఎప్పుడూ తప్పు పట్టించే పరీక్ష కాదిది. తప్పు పదార్థాన్ని పట్టుకున్నా మొత్తం బరువు దాటని సందర్భాలు ఉంటాయి. అప్పుడు రెండో పదార్థం ఎంత కావాలో లెక్కకట్టాలి. ఇక్కడైతే 1,786 మోల్స్ నైట్రోజన్ మొత్తం వాడాలంటే 5,357 మోల్స్ హైడ్రోజన్ కావాలి. ఉన్నది 4,960. లేనిది ఎక్కడి నుంచి తెస్తాం?

ఆస్పిరిన్ చేసి చూస్తే

ఇప్పటిదాకా లెక్క కాగితం మీదే. చర్య పూర్తిగా జరిగిందనీ, చుక్క కూడా వృథా కాలేదనీ అనుకుని కట్టిన లెక్క. దీన్ని సిద్ధాంత దిగుబడి అంటారు. నిజంగా చేతికి వచ్చింది అందులో నూటికి ఎంతో చెప్పేదే దిగుబడి శాతం. దీన్ని అర్థం చేసుకోవడానికి కాలేజీ ల్యాబుల్లో చేయించే ఆస్పిరిన్ తయారీ మంచి ఉదాహరణ.

రెండు గ్రాముల శాలిసిలిక్ ఆమ్లాన్ని శంఖాకారపు కుప్పెలో వేస్తారు. అయిదు మిల్లీలీటర్ల ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ పోసి, కొన్ని చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, వేడినీటి తొట్టెలో కాసేపు ఉంచుతారు. తర్వాత నీళ్లు పోసి ఐస్‌లో చల్లారిస్తే ఆస్పిరిన్ తెల్లటి స్ఫటికాలుగా విడిపోతుంది. వడగట్టి, ఆరబెట్టి, తూకం వేస్తారు.

లెక్కలో మొదటి మెలిక అన్‌హైడ్రైడ్ దగ్గరుంది. దాన్ని మిల్లీలీటర్లలో ఇచ్చారు. ముందు సాంద్రతతో గుణించి గ్రాముల్లోకి తేవాలి. మిల్లీలీటరుకు 1.08 గ్రాముల చొప్పున అయిదు మిల్లీలీటర్లు 5.4 గ్రాములు. అణుభారం 102 కాబట్టి 0.053 మోల్స్. శాలిసిలిక్ ఆమ్లం అణుభారం 138, రెండు గ్రాములంటే 0.0145 మోల్స్. ఇక్కడ ఒకటికి ఒకటే కావాలి కాబట్టి ఇంకేమీ భాగించక్కర్లేదు. ఆమ్లమే ముందు అయిపోతుంది. అన్‌హైడ్రైడ్ కావాల్సిన దానికి మూడున్నర రెట్లకు పైగా ఉంది.

అలా ఎందుకు పోస్తారు? ఖరీదైనదో, వేరుచేయడం కష్టమైనదో అయిన పదార్థం పూర్తిగా ఖర్చయ్యేలా చూసుకుని, రెండోదాన్ని కావాలనే ఎక్కువ తీసుకోవడం ల్యాబుల్లో మామూలే. మిగిలిన అన్‌హైడ్రైడ్‌తో ఇబ్బంది లేదు. నీళ్లు పోయగానే ఎసిటిక్ ఆమ్లంగా మారి నీళ్లలో కలిసి వెళ్లిపోతుంది. ఆ సమయంలో వచ్చే వెనిగర్ వాసన దానిదే. మిగిలిన శాలిసిలిక్ ఆమ్లం అలా కాదు, ఆస్పిరిన్ స్ఫటికాలతో పాటే వడపోత కాగితం మీద కూర్చుంటుంది.

ఆస్పిరిన్ అణుభారం 180. సిద్ధాంత దిగుబడి 0.0145 ఇంటూ 180, అంటే 2.61 గ్రాములు. ఒక విద్యార్థికి ఆరబెట్టిన తర్వాత 2.08 గ్రాములు వచ్చిందనుకుందాం. 2.08ని 2.61తో భాగించి వందతో గుణిస్తే దాదాపు 80 శాతం.

ఈ భాగహారంలోనే రెండు తప్పులు తరచూ జరుగుతాయి. 2.08ని మొదట వేసిన రెండు గ్రాములతో భాగిస్తే 104 శాతం వస్తుంది. వేసిన పదార్థం బరువుకూ, దాని నుంచి రావాల్సిన పదార్థం బరువుకూ ఉన్న తేడాను మరిచిపోవడమే దీనికి కారణం. ఆమ్లం అణువుకు అదనంగా ఒక భాగం అతుక్కుని ఆస్పిరిన్ అవుతుంది కాబట్టి బరువు పెరగడం సహజం. అన్‌హైడ్రైడ్‌ని లిమిటింగ్ రీఏజెంట్ అనుకుంటే సిద్ధాంత దిగుబడి 9.5 గ్రాములవుతుంది, శాతం 22కి పడిపోతుంది. ల్యాబులో పని బాగా చేసిన విద్యార్థి రికార్డులో మాత్రం దారుణంగా చేసినట్టు కనిపిస్తాడు. దిగుబడి శాతంలో భాజకం ఎప్పుడూ లిమిటింగ్ రీఏజెంట్ నుంచి కట్టిన సిద్ధాంత దిగుబడే.

మరి మిగతా 20 శాతం ఎక్కడికి పోయింది? కొంత నీళ్లలో కరిగిపోతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర లీటరు నీటిలో సుమారు మూడు గ్రాముల ఆస్పిరిన్ కరుగుతుంది. 50 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 0.15 గ్రాముల దాకా అందులోనే ఉండిపోవచ్చు. రావాల్సిన 2.61లో అది దాదాపు ఆరు శాతం. ఐస్‌లో చల్లార్చేదీ, కడగడానికి ఐస్‌నీళ్లే వాడమనేదీ ఈ నష్టాన్ని తగ్గించడానికే. ఇంకొంత కుప్పె గోడలకు, వడపోత కాగితానికి అంటుకుంటుంది. ఇంకొంత ఆమ్లం అసలు చర్యలో పాల్గొనకుండానే మిగిలిపోవచ్చు.

ఒక్కోసారి ఇందుకు పూర్తి విరుద్ధంగా జరుగుతుంది. తూకంలో 2.9 గ్రాములు వస్తుంది, 111 శాతం! లెక్క సరిగానే ఉన్నా దిగుబడి వందకు మించిందంటే తూచినది ఒట్టి ఆస్పిరిన్ కాదని అర్థం. చాలాసార్లు అది తడి. మళ్లీ ఆరబెట్టి మళ్లీ తూచాలి. వరసగా రెండు తూకాల్లో తేడా లేనప్పుడే తడి పోయినట్టు. తడి పోయిందంటే అంతా ఆస్పిరినే అని కూడా కాదు. చిటికెడు పొడిని కరిగించి ఒక చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం వేస్తే, చర్య జరగని శాలిసిలిక్ ఆమ్లం ఉన్నచోట ఊదారంగు వస్తుంది. శుద్ధమైన ఆస్పిరిన్ ఆ రంగు ఇవ్వదు.

వెనక నుంచి అడిగితే

పరీక్షల్లో ఇదే లెక్కను వెనక నుంచి అడగడం మామూలు. 'దిగుబడి 80 శాతం ఉండే పద్ధతిలో 10 గ్రాముల ఆస్పిరిన్ కావాలి, ఎంత శాలిసిలిక్ ఆమ్లం తీసుకోవాలి?' 20 శాతం పోతుంది కాబట్టి 20 శాతం ఎక్కువ వేసుకుంటే చాలని, 12 గ్రాములకు లెక్క కట్టేవాళ్లు ఎక్కువ. 12లో 80 శాతం 9.6 గ్రాములే. ఇంకా 0.4 తక్కువైంది. పోయే 20 శాతం పదిలోంచి కాదు, మొదట తయారయ్యే మొత్తంలోంచి పోతుంది. అందుకే పదిని 0.8తో భాగించాలి. 12.5 గ్రాములు. దానికి కావాల్సిన ఆమ్లం 12.5ని 180తో భాగించి 138తో గుణిస్తే 9.58 గ్రాములు. ముందుకు వెళ్లేటప్పుడు గుణకారం, వెనక్కి వచ్చేటప్పుడు భాగహారం. వెనక్కి వచ్చినప్పుడు రావాల్సినది ఎప్పుడూ మొదటి అంకె కన్నా పెద్దదిగానే ఉండాలి. 10ని 0.8తో గుణించి 8 అని రాసినవాళ్లు ఆ ఒక్కటి చూసుకున్నా తప్పు దిద్దుకోగలరు.

అయిపోవాల్సింది మిగిలిపోతే

ఇప్పుడు అమ్మోనియా దగ్గరికి తిరిగి రావాలి. పుస్తకంలో హైడ్రోజన్ మొత్తం ఖర్చైపోయిందనుకున్నాం. నిజానికి ఆ చర్య అలా పూర్తికాదు. అమ్మోనియా తయారవుతూనే తిరిగి విడిపోతూ ఉంటుంది, రెండూ సమతాస్థితికి వస్తాయి. ఫ్యాక్టరీల్లో అధిక పీడనం, ఇనుము ఉత్ప్రేరకం వాడినా, వాయువులు ఉత్ప్రేరకం మీదుగా ఒకసారి వెళ్లినప్పుడు అయిదింట ఒక వంతో, అంతకన్నా తక్కువో అమ్మోనియాగా మారుతుంది.

60 కిలోల మన మిశ్రమంలో ఒకసారికి 20 శాతమే జరిగిందనుకుంటే అమ్మోనియా 11.3 కిలోలు వస్తుంది. హైడ్రోజన్ రెండు కిలోలే ఖర్చై ఎనిమిది కిలోలు మిగులుతుంది. నైట్రోజన్ 40.7 కిలోలు మిగులుతుంది. కూడితే మళ్లీ 60. ఈ రకం ప్రశ్నలో 'మిగిలిన వాయువులు ఏవి?' అని అడిగితే చాలామంది నైట్రోజన్ ఒక్కదాన్నే రాస్తారు. చర్య సగంలో ఆగితే లిమిటింగ్ రీఏజెంట్ కూడా మిగులుతుంది. ఆస్పిరిన్ విషయంలో అలా కాదు, అక్కడ తగ్గిన దిగుబడిలో ఎక్కువ భాగం తయారై చేయిజారినది. దిగుబడి శాతం చేతికి ఎంత వచ్చిందో మాత్రమే చెబుతుంది. మిగతాది చర్యలో పాల్గొనలేదా, తయారై పోయిందా అన్నది ప్రశ్నలో విడిగా చెప్పాలి. ఆ మాట ప్రశ్నలో ఎక్కడుందో వెతకడం విద్యార్థి పని.

20 శాతం దిగుబడితో ఫ్యాక్టరీ ఎలా నడుస్తుంది? దీనికి దారి చూపిన వాడు ఫ్రిట్జ్ హేబర్. 1909లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఆయన చూపించిన పరికరంలో తయారైన అమ్మోనియాను చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువులను మళ్లీ ఉత్ప్రేరకం మీదికే పంపారు. కార్ల్ బాష్ నాయకత్వంలో బీఏఎస్ఎఫ్ 1913లో ఒపావులో మొదటి ఫ్యాక్టరీని ఈ పద్ధతిలోనే నడిపింది. ఒక్కో చుట్టుకు దిగుబడి తక్కువే, కానీ తిరిగి తిరిగి వెళ్లేసరికి మొత్తం మీద వృథా చాలా కొద్ది.

ఆ లెక్కను తెలంగాణలో సరిచూసుకునే వీలుంది. రామగుండంలోని ఆర్ఎఫ్‌సీఎల్ ఎరువుల ఫ్యాక్టరీ రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా తయారుచేసే సామర్థ్యంతో కట్టినది. యూరియా తయారీ సమీకరణం ఇది.

2NH3 + CO2 → NH2CONH2 + H2O

34 టన్నుల అమ్మోనియాకు 60 టన్నుల యూరియా రావాలి. 2,200 టన్నులనూ యూరియాకే వాడితే సిద్ధాంత దిగుబడి 2,200ని 34తో భాగించి 60తో గుణించినంత, అంటే 3,882 టన్నులు. 3,850ని దానితో పోలిస్తే 99 శాతానికి పైనే. ఇది కొలిచిన దిగుబడి కాదు, రెండు డిజైన్ సామర్థ్యాల నిష్పత్తి మాత్రమే. అయినా యంత్రాలను ఏ సమీకరణం చూసి కట్టారో ఆ అంకెల్లోనే తెలుస్తుంది. యూరియా రియాక్టర్లోనూ ఒక్క చుట్టులో చర్య పూర్తికాదు. అక్కడ అమ్మోనియానే కావాల్సిన దానికన్నా ఎక్కువ పంపి, కార్బన్ డయాక్సైడ్‌ని ముందు అయిపోయే పదార్థంగా పెట్టి, మిగిలిన అమ్మోనియాను వెనక్కి తెచ్చుకుంటారు. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియాకు ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలో కట్టడం ఇంటర్ విద్యార్థికి రెండు నిమిషాల పని. జవాబు సుమారు 2,850 టన్నులు.